మిర్చి కోల్డ్ స్టోరేజీలో థర్మిస్టర్: 10కె రెసిస్టర్ తీసి 15కె పెట్టి చూడండి

ప్రశ్న: గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీ గదికి 10కె ఎన్‌టీసీ థర్మిస్టర్ (బీటా 3950), దానికి సిరీస్‌లో 10కె రెసిస్టర్ పెట్టి 5 వోల్టులు ఇచ్చాను. ప్యానెల్ మీటరులో సున్నా, స్పాన్ అని రెండు అంకెలే పెట్టుకోవచ్చు, ఫార్ములా ఎక్కించే వీలు లేదు. ఐసు నీళ్లలో 0, బయట 30 సరిగ్గానే చూపిస్తోంది. గదిలో అసలు 8 డిగ్రీలుంటే మాత్రం 7.4 అంటోంది. థర్మిస్టర్ పాడైందా?

జవాబు:

థర్మిస్టర్ బాగానే ఉందండి. తేడా అంతా ఆ 10కె రెసిస్టర్ దగ్గరే ఉంది. నాలుగేళ్ల కిందట మా బావగారి కోల్డ్ స్టోరేజీలో నాకూ ఇదే జరిగింది. అక్కడ మిర్చి టిక్కీలుండే గదుల్ని 8 డిగ్రీల చుట్టూ ఉంచుతారు. నేనూ మీలాగే ముందు సెన్సర్‌నే అనుమానించి, రెండు మార్చి చూశాను. రెండూ అదే తేడా చూపించాక గానీ కాగితం, పెన్ను పట్టుకోలేదు.

మీ మీటరుకి ఒక గీత గీయడమే తెలుసు. మీరిచ్చిన రెండు బిందువులు కలిపి, మధ్యలోని వోల్టేజీ కూడా ఆ గీత మీదే ఉందనుకుంటుంది. కానీ డివైడర్ వోల్టేజీ ఉష్ణోగ్రతతో పాటు తిన్నగా పెరగదు, సాగదీసిన ఎస్ అక్షరంలా పెరుగుతుంది. మొదట్లో నెమ్మదిగా, నడుమ దగ్గర చురుగ్గా, తర్వాత మళ్లీ నెమ్మదిగా. ఆ నడుము దగ్గర కొంత మేర మాత్రం దాదాపు తిన్నగా ఉంటుంది. నడుము ఏ ఉష్ణోగ్రత దగ్గర పడాలో నిర్ణయించేది మీరు పెట్టే రెసిస్టరే. 10కె పెడితే అది 18 డిగ్రీల పైన పడుతుంది. మీకు కావలసింది 8 దగ్గర. అక్కడ వంపు ఉంది కాబట్టే అర డిగ్రీకి పైగా తక్కువ చూపిస్తోంది.

గది 0 నుంచి 20 లోపే తిరుగుతుంది కాబట్టి మధ్యలో 10 డిగ్రీలు తీసుకుందాం. బీటా 3950 ఉన్న 10కె థర్మిస్టర్ 10 డిగ్రీల దగ్గర 20.2కె ఉంటుంది. "మధ్యలో థర్మిస్టర్ ఎంత ఉంటే రెసిస్టర్ అంత పెట్టు" అని చాలామంది చెబుతారు. నేనూ అది నమ్మి ముందు 20కె పెట్టాను. అప్పుడు 10 దగ్గర డిగ్రీలో మూడో వంతు ఎక్కువ చూపించింది. అంటే తప్పు పోలేదు, రెండో పక్కకి తిరిగింది. గీత బాగా తిన్నగా రావాలంటే లెక్క ఇది:

```
R = Rm × (B − 2T) / (B + 2T)
```

ఇక్కడ `B` అంటే బీటా, `Rm` మధ్య ఉష్ణోగ్రత దగ్గర థర్మిస్టర్ విలువ, `T` అదే ఉష్ణోగ్రత కెల్విన్‌లో. 10 డిగ్రీలంటే 283. లెక్క వేస్తే 20.2కె లో ముప్పాతిక వంతు, 15.1కె వస్తుంది. షాపులో 15కె, ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ అడగండి, సరిపోతుంది.

థర్మిస్టర్ 5 వోల్టుల వైపు, 15కె గ్రౌండు వైపు ఉండి, మీటరు 15కె మీద కొలుస్తుంటే రావలసిన వోల్టులు ఇవి:

```
 0 °C   1.543 V
 5 °C   1.833 V
10 °C   2.132 V
15 °C   2.432 V
20 °C   2.724 V
```

ఐదేసి డిగ్రీలకి పెరుగుదల చూడండి: 290, 299, 300, 292 మిల్లీవోల్టులు. 0, 20 కలిపి గీత గీస్తే మధ్యలో ఎక్కడా తప్పు 0.1 డిగ్రీ దాటదు. ఇంత చవకైన మార్పుకి ఇంత ఫలితం వస్తుందని నేను ముందు అనుకోలేదు.

రెసిస్టర్ కొనే ముందు ఒకటి చూసుకోండి. మీటరు ఇన్‌పుట్ కూడా 15కె కి సమాంతరంగా చేరుతుంది. మాన్యువల్‌లో ఇన్‌పుట్ ఇంపెడెన్స్ మెగా ఓమ్‌లలో ఉంటే పట్టించుకోనక్కర్లేదు. మాది 200కె ఉంది. అందుకని 16కె పెట్టాం, రెండూ కలిసి 14.8కె అయింది. 5 వోల్టులు కూడా నిలకడగా ఉండాలి. అది ఒక శాతం కదిలితే 10 డిగ్రీల దగ్గర 0.36 డిగ్రీ కదులుతుంది. అడాప్టర్ నుంచి నేరుగా ఇవ్వకుండా రెగ్యులేటర్ ద్వారా ఇవ్వండి.

రెసిస్టర్ మార్చాక సెట్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఈసారి రెండో బిందువు 30 వద్దు, 20 దగ్గర తీసుకోండి. ఫ్లాస్కులో చితక్కొట్టిన ఐసు నిండా వేసి, సందులు నిండేంత నీళ్లు పోసి, కలుపుతూ ఐదు నిమిషాలు ఆగితే అది 0. ఐసు నాలుగు ముక్కలు పైన తేలుతుంటే అడుగున నీళ్లు 3, 4 డిగ్రీలుంటాయి. నా మొదటి సెట్టింగ్ చెడింది అక్కడే. 20 కోసం కుండ నీళ్లలో కాస్త ఐసు కలిపి, పక్కనే నమ్మకమైన గాజు థర్మామీటర్ పెట్టి, రెండింటినీ దగ్గరగా కట్టి ముంచండి.

మే నెలలో ఇదే సెన్సర్‌ని బయట పెట్టి చూసి టెన్షన్ పడకండి. 20 దాటాక గీత మళ్లీ వంగుతుంది. 30 దగ్గర 29 అని, 40 ఎండలో 36 అని చూపిస్తుంది. గది లోపల పనికి దానివల్ల నష్టం లేదు. 0 నుంచి 50 దాకా ఒకే మీటరు మీద కచ్చితంగా కావాలంటే ఒక్క రెసిస్టర్‌తో పని జరగదు. అప్పుడు మైక్రోకంట్రోలర్ పెట్టి బీటా ఫార్ములా వేసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా మమ్మల్ని ఏడిపించింది తేమ. రెండు నెలలు బాగా నడిచి, ఒకరోజు గాజు థర్మామీటర్ 8 అంటుంటే మీటరు 10 అంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది. గది లోపల కేబుల్ జాయింట్‌కి నేను మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టాను. విప్పితే లోపల నీటి చుక్కలు. సెన్సర్‌ని విడదీసి, కేబుల్ చివర మల్టీమీటర్‌తో కొలిస్తే 22.3కె ఉండాల్సిన చోట 20.2కె ఉంది. జాయింట్‌లోని తడి 200కె పైచిలుకు రెసిస్టర్‌లా థర్మిస్టర్‌కి సమాంతరంగా చేరింది, అంతే. ఆరబెట్టగానే విలువ తిరిగొచ్చింది. తర్వాత లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం వేసి, జాయింట్‌ని గది బయటికి మార్చాం.

తడి ఎప్పుడూ అసలుకన్నా ఎక్కువ వేడినే చూపిస్తుంది. వైరు తెగితే వోల్టేజీ సున్నా అవుతుంది, మీటరు −26 అంటుంది. షార్టయితే 58 దాటుతుంది. ఈ రెండు అంకెల్లో ఏది కనిపించినా సెట్టింగ్ ముట్టుకోకండి, వైరు చూడండి. −26 వచ్చినప్పుడు ఇంకా తొందరగా చూడాలి. గది చల్లగా ఉందనుకుని కంట్రోల్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది, లోపల సరుకు వేడెక్కుతూ ఉంటుంది. మేము −5 కన్నా కిందకి వెళ్తే గంట మోగేలా మీటరులోని అలారం రిలేకి ఒక బెల్లు కట్టుకున్నాం.