రిసెప్షన్‌కి చెప్పులు కొనే ముందు

శ్రావ్యా,

నాలుగు అంగుళాల హీల్స్ తీసుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రిసెప్షన్ ఏడింటికి మొదలైతే పదకొండు దాకా స్టేజీ దిగనివ్వరు. చీరల షాపులో 18 ఏళ్లు నిలబడి పనిచేసిన కాళ్లు నావి, అందుకే చెబుతున్నాను.

మడమ కింద ఎత్తు ఒక్కటే చూడకు. వేళ్ల కింద సోల్ ఎంత మందం ఉందో కూడా కొలిచి, ఆ ఎత్తులోంచి తీసెయ్. మిగిలిందే కాలికి తెలిసే వాలు. అది పెరిగేకొద్దీ ఒంటి బరువు వేళ్ల మొదళ్ల మీదికి జారి మంట పుడుతుంది. మొన్న కమర్షియల్ స్ట్రీట్‌లో స్కేలు పెట్టి చూశాను. మడమ నుంచి వేళ్ల దాకా సోల్ ఒకే దిమ్మలా ఉండే ఒక వెడ్జ్ వెనక మూడున్నర అంగుళాలు, ముందు ఒకటిన్నర; వాలు రెండే. పక్కనున్న, మడమ కింద మాత్రమే లావు దిమ్మ ఉన్న బ్లాక్ హీల్ మూడు అంగుళాలే కానీ ముందు సోల్ పావు అంగుళం, అంటే వాలు రెండుముప్పావు. చూడ్డానికి పొట్టిగా ఉన్నదే కాలిని ఎక్కువ బాధపెడుతుంది. నాలుగు గంటలకు రెండు అంగుళాల వాలు దాటకు.

అలాగని వెడ్జే కొనెయ్యమని కాదు. అది పాదం మొత్తానికీ ఆసరా ఇస్తుంది, కదలకుండా నిలబడటానికి హాయే. కానీ మందపాటి సోల్ వంగదు. స్టేజీ మీద పెద్దవాళ్లు వచ్చిన ప్రతిసారీ వంగి కాళ్లకు దణ్ణం పెట్టాలి కదా, అప్పుడు మడమ చెప్పులోంచి పైకి లేచిపోతుంది. బ్లాక్ హీల్‌కి వేళ్ల దగ్గర సోల్ వంగుతుంది, లేవడం తేలిక. అందుకే రిసెప్షన్‌కి రెండు అంగుళాల బ్లాక్ హీల్, ముందు అర అంగుళం సోల్ ఉన్నది తీసుకో. మెహందీ లాన్‌లో కాబట్టి దానికి వెడ్జ్, మట్టిలో దిగబడదు. ఎత్తు మాత్రం తక్కువదే. ఎత్తు వెడ్జ్ అంచు ఒక్కసారి పక్కకి ఒరిగితే చీలమండ మెలిపడుతుంది.

సాయంత్రం వెళ్లి కొను, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. చెప్పును బల్ల మీద పెట్టి వేలితో పక్కకి నెట్టు, ఊగితే వద్దు. బ్లాక్ సరిగ్గా మడమ నడిమధ్య కింద ఉండాలి, వెనక్కి జరిగి ఉండకూడదు. తర్వాత తివాచీ మీద కాకుండా టైల్స్ మీద పది నిమిషాలు నిలబడు. పాదం ముందుకు జారి వేళ్లు అంచుకు నొక్కుకుంటుంటే ఆ జత వదిలెయ్. చీలమండకి పట్టీ ఉంటే జారడం తగ్గుతుంది.

లెహంగా అంచు కుట్టించేటప్పుడు ఆ చెప్పులు వేసుకునే నిలబడు. ఆ పని వచ్చేవారమే ఉందట, కాబట్టి ముందు చెప్పులు కొనాలి. శనివారం సాయంత్రం ఐదింటికి కమర్షియల్ స్ట్రీట్‌కి రా, స్కేలు నేను తెస్తాను.

మీ పెద్దమ్మ