ఇంటికొచ్చిన బిల్లులు ఏ తీగకు గుచ్చాలి

ఏప్రిల్ 2,
విజయవాడ

చి. సౌ. అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన బిల్లులన్నీ నిన్న రాత్రి కూర్చుని చూశాను. వీడియో కన్సల్టేషన్, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లిన ల్యాబ్ బిల్లు, ఫిజియో, ఆయా, వాకర్. జరగబోయేవి కూడా కలుపుకుంటే నీ లెక్క 35,500 రూపాయలు. "ఇవేవీ హాస్పిటల్లో జరగలేదు కదా మామయ్యా, అసలు ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తారా?" అని అడిగావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఒక్క మాట అర్థం చేసుకో. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిములు చూసే టీపీఏ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ, డాక్టరు గదిలో చూశాడా ఫోన్లో చూశాడా అన్నది నేను రెండోసారే చూసేవాణ్ని. మొదట చూసేది ఈ ఖర్చు ఏ అడ్మిషన్‌కు తగులుకుని ఉందని. కిరాణా కొట్లో బిల్లులు గుచ్చే ఇనప తీగ చూశావుగా? మీ అమ్మ మోకాలి ఆపరేషన్ క్లెయిమే ఆ తీగ. ఆ బిల్లుల్లో దానికి గుచ్చగలిగినవి వస్తాయి, గుచ్చలేనివి రాలిపోతాయి. తీగే లేకపోతే, అంటే అడ్మిషనే లేకుండా జ్వరమొచ్చి ఫోన్లో డాక్టరుకు చూపించుకుంటే, పాలసీలో విడిగా ఓపీడీ కవర్ ఉంటే తప్ప రూపాయి రాదు.

2020లో టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాక, అదే ఏడాది జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. ఇక అన్ని వీడియో కన్సల్టేషన్లకూ డబ్బులొస్తాయని చాలామంది అనుకున్నారు. అందులో ఉన్నది అది కాదు. పాలసీ ప్రకారం డాక్టర్ కన్సల్టేషన్‌కు ఎక్కడ డబ్బిస్తారో, అక్కడ టెలీ కన్సల్టేషన్‌కు కూడా ఇవ్వాలి, అంతే. మామూలు కన్సల్టేషన్‌కు ఉన్న పరిమితులే దీనికీ ఉంటాయి. కొత్తగా తీగ కట్టలేదు, ఉన్న తీగకు ఇది కూడా గుచ్చొచ్చు అన్నారు.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. ఆమెది ఆరోగ్య సంజీవని పాలసీ. అందులో అడ్మిషన్‌కు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజులు అయ్యే వైద్య ఖర్చులు ఇస్తారు, అదే జబ్బుకు సంబంధించినవైతే. వేరే పాలసీల్లో ఈ రోజులు ఇంకా ఎక్కువ ఉంటాయి. అడ్మిషన్ మార్చి 10న, డిశ్చార్జ్ 14న. కాబట్టి వెనక్కి లెక్కేస్తే ఫిబ్రవరి 8 నుంచి, ముందుకు లెక్కేస్తే మే 13 దాకా మనది. ఫిబ్రవరి 5న ఆర్థోపెడిక్ డాక్టరుతో మాట్లాడిన 600 రూపాయల వీడియో కాల్ మూడు రోజుల తేడాతో బయటపడింది. దాని మీద ఆశ వదులుకో.

ఇక ఫిబ్రవరి 20 నాటి ల్యాబ్ బిల్లు. నాకు అసలు తలనొప్పి ఇదే. ఆపరేషన్‌కు ముందు చేయించమని సర్జన్ రాసిన చీటీలో ఉన్న పరీక్షలు సీబీపీ, ఈఎస్ఆర్, సీఆర్పీ, షుగర్, క్రియాటినిన్. నువ్వేమో ఆఫర్ ఉందని యాప్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ బుక్ చేశావు. 1,850 రూపాయల బిల్లులో ప్యాకేజీ పేరు తప్ప ఒక్క పరీక్ష పేరూ లేదు. పైగా బిల్లు మీద పేషెంట్ పేరు నీది! యాప్ నీ ఫోన్లో ఉంది కాబట్టి బిల్లు నీ పేరున, రిపోర్టు మీ అమ్మ పేరున. క్లెయిమ్ డెస్క్‌లో కూర్చున్న వాడికి ఈ రెండు కాగితాలూ ఇస్తే ఏం చేస్తాడు? క్వెరీ రాసి పక్కన పెడతాడు. తప్పు వాడిది కాదు.

అది సరిచేసుకోవచ్చు. ల్యాబ్ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టి రెండు అడుగు. పేషెంట్ పేరూ వయసూ రిపోర్టులో ఉన్నట్టే వేసి బిల్లు మళ్లీ ఇవ్వమను. ఏ పరీక్షకు ఎంతో విడగొట్టి ఇవ్వమను. సాధారణంగా ఇస్తారు. ఉదాహరణకు, విడగొడితే సర్జన్ అడిగిన పరీక్షలకు 1,100, అడగని విటమిన్ డి, బి12, థైరాయిడ్‌కు 600, ఇంటికొచ్చినందుకు 150 అని తేలిందనుకో. ఆ 1,100 వస్తుంది. 600 రాదు, ఎందుకంటే ఆ పరీక్షలు మోకాలి ఆపరేషన్‌కు కావాలని ఏ డాక్టరూ రాయలేదు. ఇంటికొచ్చినందుకు వేసే 150 ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి, కోసేవీ ఉన్నాయి. నేనైతే రానట్టే లెక్కేసుకుంటాను, వస్తే సంతోషం.

ఈ చీటీ విషయంలో నాకే దెబ్బ తగిలింది. నాకు స్టెంట్ వేశాక రెండో నెలలో లిపిడ్ ప్రొఫైల్, లివర్ పరీక్షలు చేయించాలని నాకు తెలుసు, తెలుసుగదా అని డాక్టర్ని అడక్కుండా నేనే ల్యాబ్‌కు ఫోన్ చేసి రక్తం ఇచ్చాను. 2,400 రూపాయలు. చీటీ లేదని తిప్పి పంపారు. ఇదే పని చేసి బతికినవాణ్ని నేను! తర్వాత డాక్టర్ రాసిచ్చాడు కానీ, తేదీ పరీక్ష తర్వాతది కాబట్టి అది పనికి రాలేదు. అందుకే చీటీ తేదీ ఎప్పుడూ పరీక్ష తేదీకి ముందో, అదే రోజో ఉండాలి.

వీడియో కన్సల్టేషన్లు డిశ్చార్జ్ తర్వాత రెండు, 600 చొప్పున 1,200. ఇవి వస్తాయి, కాగితం సరిగా ఉంటే. ఫోన్లో చూసిన డాక్టరైనా ప్రిస్క్రిప్షన్ మీద పేషెంట్ పేరు, తేదీ, తన రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉండాలి. సంతకం చేసిన చీటీని ఫొటో తీసి పంపినా చెల్లుతుంది. "నొప్పి ఉంటే ఇది వేసుకోండి" అని చాట్‌లో ఒక లైను పంపితే అది ప్రిస్క్రిప్షన్ కాదు. ఫీజుకు విడిగా రసీదు తీసుకో. యూపీఐలో కట్టిన స్క్రీన్‌షాట్ డబ్బు పోయిందని చెబుతుంది, దేనికి పోయిందో చెప్పదు. మార్చి 22 నాటి కన్సల్టేషన్‌కు నీ దగ్గర స్క్రీన్‌షాట్ ఒక్కటే కనిపించింది. ఆ యాప్‌లో ఆర్డర్ హిస్టరీలోకి వెళ్లి ఇన్వాయిస్ దించుకో. యాప్ ఏడాది మెంబర్‌షిప్‌కు కట్టింది మాత్రం దీనిలో పెట్టకు. అది ఏ జబ్బుకూ సంబంధించింది కాదు.

పెద్ద మొత్తం ఫిజియోథెరపీది. ఇంటికొచ్చి చేసినందుకు 700 చొప్పున 20 రోజులు, 14,000. ఇది నిలబడేదీ పడేదీ డిశ్చార్జ్ సమ్మరీలో ఒక వాక్యం మీదే. నువ్వు పంపిన సమ్మరీ చివరి పేజీలో "మూడు వారాలు ఇంటి వద్ద ఫిజియోథెరపీ" అని ఉంది, అదృష్టం. ఉత్త "ఫిజియోథెరపీ కొనసాగించండి" అని ఉంటే ఎన్ని రోజులని అడిగేవాళ్లు. ఆ ఫిజియో కుర్రాడు చివర్న 20 రోజులకు ఒకే రసీదు ఇస్తానంటాడు, వద్దను. రోజువారీ తేదీలతో ఒక షీటు పెట్టి, వచ్చిన రోజున అతనూ మీ అమ్మా సంతకం చేయాలి. రసీదు మీద అతని పేరు, అర్హత ఉండాలి. ఆదివారం సెలవు పెట్టి, ఆ రోజుకు కూడా 700 వేసిన రసీదు నేను ఒకటి చూశాను. అలాంటిది ఒక్కటి కనబడిందా, మిగతా పందొమ్మిదింటి మీదా అనుమానమే.

ఆయాకు పదిహేను రోజులకు 15,000 ఇచ్చావు. ఇది రాదు. ప్రైవేటు నర్సు ఖర్చులకు, నడవడానికి సాయపడే వస్తువులకు, ఇంటి వాడకానికి తెచ్చే ఆక్సిజన్ సిలిండర్‌కు డబ్బివ్వరని పాలసీ వెనక జాబితాలోనే ఉంటుంది. అది మొత్తం 68 వస్తువుల జాబితా, ఒకసారి చదువు. కాబట్టి 1,800 రూపాయల వాకర్ కూడా పోయింది. వీటిని కలిపి పంపినా నష్టమేమీ లేదంటారు కొందరు. నేను ఒప్పుకోను. రానివి కలిపితే కట్ట లావవుతుంది, చూసేవాడికి విసుగు పుడుతుంది.

ఏప్రిల్ రెండో వారంలో ఈఎస్ఆర్, సీఆర్పీ మళ్లీ చేయించాలి కదా, అది 900, పైన 150. ఆ రోజు వచ్చే ల్యాబ్ అబ్బాయితోనే బావగారి షుగర్ కూడా తీయిద్దామని మీ అమ్మ అంటోంది. తీయించండి, కానీ బిల్లు విడిగా.

ఇప్పుడు లెక్క చూడు. సర్జన్ అడిగిన పరీక్షలకు పైన అనుకున్న 1,100, కన్సల్టేషన్లు 1,200, రెండోసారి పరీక్షలు 900, ఫిజియో 14,000. మొత్తం 17,200. ఆరోగ్య సంజీవనిలో 5 శాతం మన వాటా కాబట్టి 860 పోగా 16,340. నువ్వడిగిన 35,500లో సగం కూడా కాదు, అయినా ఇది గట్టి లెక్క. ఒకటి మాత్రం చూసుకో. ఇవన్నీ కూడా పాలసీ మొత్తంలోంచే ఇస్తారు. హాస్పిటల్ బిల్లుతోనే ఆ మొత్తం అయిపోయి ఉంటే, సరైన బిల్లు పెట్టినా ఇవ్వడానికి ఏమీ మిగలదు. క్యాష్‌లెస్ ఫైనల్ అప్రూవల్ లెటర్ తీసి ఎంత మంజూరైందో చూడు.

తేదీల్లో తొందరుంది. అడ్మిషన్‌కు ముందు ఖర్చుల కాగితాలు డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లోపు ఇవ్వాలి, అంటే ఏప్రిల్ 13. ఇంకా పదకొండు రోజులే ఉంది, ల్యాబ్‌కు ఈమెయిల్ ఇవాళే పెట్టు. తర్వాతి ఖర్చులకు వైద్యం ముగిసిన 15 రోజుల్లోపు. 60 రోజులూ ఆగి లెక్కేయకు. ఫిజియో ఏప్రిల్ చివర్లో అయిపోతే అక్కణ్నుంచే లెక్క. క్లెయిమ్ ఫారం మీద హాస్పిటల్ క్యాష్‌లెస్‌కు వచ్చిన క్లెయిమ్ నంబరే వెయ్యి. కొత్త నంబరు తీసుకుంటే తీగ తెగినట్టే.

ఏదైనా కోస్తే, ఏ షరతు కింద కోశారో రాతపూర్వకంగా అడుగు. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాసి, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా రాసుకోవచ్చు. 16 వేలకు అంత దూరం పోవాల్సిన పని పడదనుకుంటున్నాను.

మొన్న నువ్వు అడిగిన ఇంకో సంగతి, మీ అత్తగారికి న్యుమోనియా వస్తే ఇంట్లోనే సెలైన్ పెట్టించుకోవచ్చా అని. దానికి డొమిసిలియరీ అని వేరే నిబంధన ఉంది. హాస్పిటల్‌కు కదిలించలేని స్థితి అయినా ఉండాలి, హాస్పిటల్లో బెడ్ దొరకని పరిస్థితి అయినా ఉండాలి. బెడ్ ఉండి, ఇంట్లో సౌకర్యమని ఉంటే కుదరదు. అందులో రోజుల మినహాయింపులూ కొన్ని జబ్బుల మినహాయింపులూ కూడా ఉంటాయి, ఆవిడ పాలసీ కాపీ పంపితే చూసి చెబుతాను.

ఆదివారం సాయంత్రం మీ అమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆ ఫిజియో షీటు ఈలోగా మొదలుపెట్టించు, ఇప్పటిదాకా అయిన రోజులకు అతని దగ్గర తేదీలు ఉంటే రాయించు. లేని రోజులు రాయించకు.

మీ మామయ్య