జిలేబీ కోసినట్టు చూస్తే చెమట గ్రంథి అర్థమవుతుంది

ప్రశ్న: నాళం ద్వారా స్రావాన్ని బయటికి పంపే ఎగ్జోక్రైన్ గ్రంథుల్ని ఆకారం బట్టి ఒకలా, స్రవించే పద్ధతి బట్టి ఇంకోలా విడదీస్తారు కదా, నాకు రెండూ కలగాపులగం అయిపోతున్నాయి. పైగా చంకలోని చెమట గ్రంథిని ఒక పుస్తకం అపోక్రైన్ అంటుంది, ఇంకోటి మీరోక్రైన్ అంటుంది. ఏది రాయాలి?

నేను ఇక్కడే మార్కులు పోగొట్టుకున్నాను. వైజాగ్‌లో ఎంబీబీఎస్ ఫస్టియర్ ప్రాక్టికల్స్. ఉక్కపోతకి చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. చూసి గుర్తుపట్టి రాయాల్సిన స్పాటర్లలో తల చర్మం స్లైడు పెట్టారు. పాయింటర్ దగ్గర ఏడెనిమిది గుండ్రటి ముక్కలు గుంపుగా కనిపించాయి. గుండ్రంగా ఉన్నాయి కదా అని 'కాంపౌండ్ ఏసినార్' అని రాసి పక్క టేబుల్‌కి వెళ్లిపోయాను. ఒంటి మీద కారుతున్నదే మైక్రోస్కోప్ కిందా ఉందని తట్టలేదు!

జిలేబీని నిలువునా కోసి చూడండి. తీగ ఒకటే అయినా కోసిన అంచులో నాలుగైదు గుండ్రాలు కనిపిస్తాయి. చెమట గ్రంథి కూడా అంతే, అడుగున ఉండలా చుట్టుకున్న ఒకే గొట్టం. అందుకే సింపుల్ కాయిల్డ్ ట్యూబ్యులార్ అంటారు. ఆకారానికి వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండే. బయటికి తెచ్చే నాళం కొమ్మలుగా చీలిందా? చీలకపోతే సింపుల్, చీలితే కాంపౌండ్. స్రవించే భాగం గొట్టంలా ఉందా, సంచిలా ఉందా? గొట్టమైతే ట్యూబ్యులార్, సంచి అయితే ఏసినార్ లేదా ఆల్వియోలార్. చెవి దగ్గరి పెరోటిడ్ లాలాజల గ్రంథి అసలైన కాంపౌండ్ ఏసినార్.

స్లైడులో తేడా పట్టే గుర్తు ఉంది. చెమట గ్రంథి గుంపులో కొన్ని ముక్కలు లేతగా, కాస్త పెద్దగా ఉంటాయి, అవి స్రవించే భాగం. వాటి మధ్యే చిన్నవి, ముదురు రంగువి, రెండు వరసల కణాలతో కనిపిస్తాయి, అవి నాళం. పెరోటిడ్‌లో ఒక్కో ఏసినస్‌లో కణాలు పిరమిడ్ ఆకారంలో ఉంటాయి, మధ్య రంధ్రం సూదిమొనంత.

ఇప్పుడు అదే స్లైడులో వెంట్రుక కుదురు పక్కకి జరగండి. అక్కడ జిడ్డు స్రవించే సెబేషియస్ గ్రంథి ఉంటుంది, ఆకారంలో సింపుల్ బ్రాంచ్డ్ ఆల్వియోలార్, అంటే నాళం చీలదు, స్రవించే భాగమే కొమ్మలుగా ఉంటుంది. హై పవర్ పెట్టి అంచు నుంచి లోపలికి మెల్లగా చూస్తూ రండి. అంచున చిన్నవి, బల్లపరుపువి, ముదురు కణాలు. కొంచెం లోపల అవే ఉబ్బి నురగలా తెల్లబడతాయి, ఎందుకంటే వాటిలోని కొవ్వు స్లైడు తయారీలో జైలీన్ లాంటి వాటికి కరిగిపోయి ఖాళీలు మిగులుతాయి. ఇంకా లోపల కేంద్రకం ముడుచుకుని నల్లటి చుక్క అవుతుంది. నాళం దగ్గరికొచ్చేసరికి కణమే ఉండదు, చితికిపోయిన సరుకే. ముఖం మీద మనం తుడుచుకునే జిడ్డు అదే. కణం మొత్తం స్రావమైపోవడమే హోలోక్రైన్. అంచు కణాలు విభజన చెందుతూ ఉంటాయి కాబట్టి గ్రంథి ఖాళీ అవదు. అరచేతిలో సెబేషియస్ గ్రంథులు ఉండవు, స్లైడు ఏ చర్మానిదో గుర్తుపట్టడానికి ఇదో ఆధారం.

దీనికి పూర్తిగా ఎదురు మీరోక్రైన్. కణంలోని చిన్న సంచులు పైపొరకి అంటుకుని సరుకు వదిలేస్తాయి, కణానికి ఏ నష్టమూ ఉండదు. ఒళ్లంతా ఉండే మామూలు చెమట గ్రంథీ, పెరోటిడూ, పాంక్రియాస్ జీర్ణరసాలూ అన్నీ ఈ పద్ధతే.

అపోక్రైన్‌లో కణం పైకొన కొంచెం తెగి స్రావంతో పోతుంది. దీనికి గట్టి ఉదాహరణ పాలగ్రంథి. కొవ్వు బొట్టు పైకి తోసుకొచ్చి, చుట్టూ కణపొరనీ సన్నటి సైటోప్లాజమ్ అంచునీ చుట్టుకుని ఊడిపోతుంది. చిత్రం ఏంటంటే అదే కణం పాలలోని కేసీన్ ప్రొటీన్‌ని మాత్రం మీరోక్రైన్ పద్ధతిలోనే వదులుతుంది. అంటే ఒక గ్రంథికి ఒకే పద్ధతి అని రాసుకుంటే తప్పవుతుంది.

చంక విషయానికొస్తే, మామూలు మైక్రోస్కోప్‌లో అక్కడి కణాల పైకొనలు రంధ్రంలోకి ఉబ్బి కనిపిస్తాయి. తెగి పడిపోతున్నాయనుకుని పాతవాళ్లు అపోక్రైన్ అని పేరు పెట్టారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చాక చాలామటుకు మీరోక్రైనే అని తేలి పుస్తకాలు మార్చాయి, కొన్ని పాతమాటే ఉంచాయి. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. మీకు తేడా వచ్చింది అందుకే.

స్పాటర్‌లో గ్రంథి పేరు అడిగితే 'అపోక్రైన్ చెమట గ్రంథి' అనే రాయండి, అది పేరు. స్రవించే పద్ధతి అడిగితే 'పేరుకి అపోక్రైన్, పద్ధతి ముఖ్యంగా మీరోక్రైన్' అని రాయండి. అపోక్రైన్‌కి ఉదాహరణ మిమ్మల్నే ఇమ్మంటే చంక జోలికి పోకుండా పాలగ్రంథి కొవ్వు రాయండి, దాన్ని ఏ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరూ కొట్టెయ్యరు.