కాల్‌లో సరదాగా అన్నది సారాంశంలో మాట ఇచ్చినట్టు పడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో చిన్న పంపిణీ వ్యాపారం, జట్టులో నలుగురం. వారానికోసారి కాల్ అయ్యాక సారాంశం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టేది నేనే. మొన్న ఒకాయన నవ్వుతూ అన్నమాట "ఒప్పుకున్నారు" అని రాసేశాను. ఆయనకి కోపం వచ్చింది. ఇది మళ్ళీ జరగకుండా ఎలా రాయాలి?

జవాబు: పొరపాటు ఎక్కువగా చిత్తు రాసుకునేటప్పుడే జరుగుతుంది. మనిషి "చూస్తాలే" అంటాడు, మనం తొందరలో "చేస్తాడు" అని గీకేస్తాం. సాయంత్రం సారాంశం రాసేసరికి ఆ "లే" మనకే గుర్తుండదు. అందుకని చిత్తులో మిగతాదంతా పొట్టిగా రాసుకున్నా, క్రియను మాత్రం అన్నది అన్నట్టే రాయండి. తెలుగులో మాట ఎంత గట్టిదో చెప్పేది వాక్యం చివరి ముక్కే.

అన్నిటికన్నా మోసం చేసేది "చూస్తా". "కాశీనగర్ సంగతి నేను చూస్తాను" అంటే బాధ్యత తీసుకున్నట్టు. "చూస్తాలెండి" అంటే చాలాసార్లు ఆ మాట అక్కడితో ఆపమని. "చేద్దాం" అన్నదానికి మనిషి లేడు, అందరిదీ అంటే ఎవరిదీ కాదు. చిత్తులో దాని పక్కన "ఎవరు?" అని రాసుకోండి. "వస్తుందట"లో "అట" పోతే విన్న కబురు ఖాయమైన వార్త అయిపోతుంది. "సోమవారం పంపిస్తాను" అన్నది ప్రతి సోమవారం అలవాటా, ఈ సోమవారమా అన్నది క్రియను బట్టి తెలియదు, అడగాల్సిందే. మన వైపు మధ్యలో ఒడియా దొర్లుతుంది కదా, "దేఖిబా" అన్నా మన "చూద్దాం" లాంటిదే. దాన్ని "చేస్తాం" అని తెలుగు చేయకండి.

వెటకారం క్రియలో దొరకదు. దాని మాటలు పైకి మహా గట్టిగా ఉంటాయి. దానికి తర్వాతి మాట చూడాలి. నిజంగా ఒప్పుకున్నప్పుడు అవతలివాళ్ళు వివరం అడుగుతారు: ఎన్నింటికి, ఎక్కడ పెడతావు, ఎవరికి ఇస్తావు అని. వెటకారమైతే నవ్వుతారు, లేదా పట్టించుకోకుండా అసలు విషయానికి వెళ్ళిపోతారు. ఉదాహరణకి ఒక కాల్ ఇలా నడిచిందనుకోండి:

యజమాని: గుణుపూర్, కాశీనగర్, రాయగడ మూడుచోట్లా స్టాకు లెక్క శుక్రవారానికి కావాలి.
గోడౌను చూసేవారు: ఆఁ, శుక్రవారం దాకా ఎందుకండీ, ఎగిరెళ్ళి రేపే తెచ్చేస్తాను! (నవ్వులు)
లెక్కలు రాసే ఆవిడ: కాశీనగర్‌ది వీలుంటే నేను చూస్తాలెండి.
యజమాని: సరే. రాయగడకి లారీ గురువారం వస్తుందట.
గోడౌను చూసేవారు: గుణుపూర్ లెక్క శుక్రవారం సాయంత్రం 5కి పంపిస్తాను.
యజమాని: 5కా? సరే, షీటులోనే ఎక్కించు.

ఇందులో ఖాయమైంది చివరిదొక్కటే. పని, మనిషి, గడువు ఉన్నాయి, అవతలాయన గడువు మళ్ళీ అడిగి తీసుకున్నారు. పైనున్న మొదటి "సరే" ఒప్పుకోలు కాదు, విన్నాను అని ముందుకు వెళ్ళడం. ఫోన్‌లో "ఊఁ" కొట్టడం కూడా అంతే. కాబట్టి సారాంశం ఇలా ఉండాలి:

ఖాయం: గుణుపూర్ స్టాకు లెక్క, గోడౌను చూసేవారు, శుక్రవారం సాయంత్రం 5, షీటులో.
తేలనివి: కాశీనగర్ లెక్క (లెక్కలు రాసే ఆవిడ "వీలుంటే" అన్నారు). రాయగడ లెక్కకి ఎవరూ పేరు చెప్పలేదు. రాయగడ లారీ గురువారం వస్తుందని విన్నమాట, కనుక్కోవాలి.

"ఎగిరెళ్ళి" అన్న ముక్క సారాంశంలో అసలు ఉండకూడదు. "సరదాగా అన్నారు" అని పక్కన రాసినా వద్దు. నవ్వు కాగితం మీదకి రాదు. నెల తర్వాత చదివేవాళ్ళకి "రేపే తెచ్చేస్తాను" ఒక్కటే కనిపిస్తుంది. అలాగని దాన్ని పూర్తిగా వదిలేసినా తప్పే. ఆ వెటకారం కింద ఒక అభ్యంతరం ఉంది: ఒక్క మనిషి మూడు ఊళ్ళూ తిరగలేడని. కాల్ అయ్యాక ఆయనకి విడిగా ఫోన్ చేసి, "మూడూ ఒక్కరికి కష్టమంటున్నారా అన్నా, అలా రాయనా?" అని అడగండి. ఔనంటే "తేలనివి"లో ఆ మాట మామూలుగా రాయండి. వద్దంటే వదిలేయండి. మీ అంతట మీరు ఊహించి రాయొద్దు, అది ఇంకో తగాదా.

గ్రూపులో పెట్టేముందు ఖాయం వరసలో పేరున్నవాళ్ళకి వాళ్ళ వరస ఒక్కటీ పంపి "ఇంతేనా?" అని అడగండి. "ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే" అని మాత్రం కింద రాయకండి. బండి మీద ఉన్నవాడు, సిగ్నల్ లేని ఊళ్ళో ఉన్నవాడు కూడా ఏమీ అనడు. జవాబు రానిది తేలనివాటిలోనే ఉంచి పెట్టండి, వచ్చాక పైకి మార్చవచ్చు.