గంట లెక్క వదిలి పని విలువకు ధర: పాత క్లయింటుకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: తిరుపతిలో ఉంటూ ఫ్రీలాన్స్‌గా వెబ్‌సైట్లు చేస్తున్నాను. గంటకు 500 రూపాయలు తీసుకుంటాను. ఒకప్పుడు 60 గంటలు పట్టిన సైటు ఇప్పుడు 35 గంటల్లో అయిపోతోంది. పని బాగా వచ్చిందనే సంతోషం కన్నా ఆదాయం తగ్గిందనే బాధే ఎక్కువైంది. బస్టాండు దగ్గర లాడ్జి నడిపే పాత క్లయింటు రూములు బుక్ చేసుకునే సైటు అడుగుతున్నారు. ఈసారి పని విలువను బట్టి ధర చెబుదామనుకుంటున్నాను. ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి సార్?

జవాబు: ఆయన దగ్గర మొదటి సమావేశంలో ధర ఊసే ఎత్తకండి. ముందుగా ఆయన వ్యాపారపు లెక్కలు అడగండి. ఈ పద్ధతిలో ధర నిలబడేది ఆ లెక్కల మీదే. రోజుకు సగటున ఎన్ని రూములు బుకింగ్ యాప్‌ల ద్వారా నిండుతున్నాయి, రూము అద్దె ఎంత, యాప్‌కు కమీషన్ ఎంత పోతోంది అన్న మూడు ప్రశ్నలు చాలు. జవాబులు ఆయన నోటితోనే రావాలి. మీరు ఊహించి చెప్పిన అంకెను ఆయన బేరమాడతారు, తాను చెప్పిన అంకెను కాదనరు.

ఉదాహరణకు రోజుకు 10 రూములు యాప్‌ల ద్వారా నిండుతున్నాయని, అద్దె 1,500 రూపాయలని, కమీషన్ 18 శాతమని ఆయన చెప్పారనుకుందాం. అంటే ఒక్కో రూముకు 270 రూపాయలు బయటికి పోతున్నాయి. మీ సైటు వచ్చాక ఆ పదింటిలో ఒక్క రూము మాత్రమే నేరుగా బుక్ అవుతుందని జాగ్రత్తగా అంచనా వేయండి. ఆన్‌లైన్ చెల్లింపు రుసుముకు 2 శాతం, అంటే 30 రూపాయలు తీసేస్తే రోజుకు 240, ఏడాదికి 87,600 రూపాయలు ఆయనకు మిగులుతాయి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వారాంతాల్లో రూములు మీ సైటు లేకపోయినా నిండుతాయి కనుక, కొత్త యాత్రికులు వస్తారన్న ఆశను ఈ లెక్కలో కలపకండి. కమీషన్ ఆదాను మాత్రమే చూపండి. తన వెబ్‌సైటులో యాప్‌ కన్నా తక్కువ అద్దె పెట్టకూడదన్న షరతు యాప్‌తో ఉన్న ఒప్పందంలో ఉందేమో కూడా ఆయననే చూడమనండి, ఉంటే ఈ అంచనా ఇంకా తగ్గవచ్చు.

మీ గంటల లెక్క ప్రకారం ఈ పనికి 17,500 రూపాయలు వస్తుంది. దానికన్నా తక్కువకు దిగకూడదు, అది మీ కనీస ధర. పైన 87,600 ఉంది. ఈ రెంటి మధ్య 30,000 రూపాయలు చెప్పడం నా ఉద్దేశంలో న్యాయమైన ధర, ఎందుకంటే రోజుకు 240 చొప్పున సుమారు నాలుగు నెలల్లో ఆయన పెట్టుబడి ఆయనకు తిరిగి వస్తుంది, ఆ తరువాతి లాభమంతా ఆయనదే.

అప్పుడు ఇలా చెప్పండి: "అన్నా, మీరు చెప్పిన లెక్కల ప్రకారం రోజుకు ఒక్క రూము నేరుగా బుక్ అయినా ఏడాదికి 87,000 పైన మిగులుతుంది. ఈ పని పూర్తిగా చేసి అప్పజెప్పడానికి 30,000 తీసుకుంటాను. ఎన్ని గంటలు పట్టినా మీ బిల్లు పెరగదు." ఈ చివరి వాక్యమే ఆయనకు అసలైన భరోసా, ఎందుకంటే గంటల లెక్కలో బిల్లు ఎక్కడ ఆగుతుందో ఆయనకు ఎన్నడూ తెలియదు. "ఇంతకీ ఎన్ని గంటలు పడుతుంది?" అని తప్పకుండా అడుగుతారు. అంకె చెప్పారంటే ఆయన వెంటనే 30,000ను దానితో భాగించి పాత రేటుతో పోలుస్తారు. గంటలకు బదులు తేదీ చెప్పండి. ధర ఎక్కువన్నారంటే అదే పనికి తగ్గించకండి. పనిలోంచి ఏదో ఒక భాగం, ఉదాహరణకు రెండో భాష పేజీలను, తీసేసి ధర తగ్గించండి.

ఈ పద్ధతి దెబ్బతినేది ఎక్కువగా పని హద్దు రాసుకోకపోవడం వల్లనే. ఎన్ని పేజీలు, ఫొటోలు ఎవరు ఇస్తారు, మార్పులు రెండు విడతలు మాత్రమే, ఆపైన విడిగా ధర అన్నవి ఒక కాగితం మీద రాసి, సగం అడ్వాన్సు తీసుకున్నాకే మొదలుపెట్టండి. జీఎస్టీ నమోదు ఉంటే పన్ను అదనమని అందులోనే రాయండి.

ఇప్పటికే గంటల లెక్కన నడుస్తున్న పనిని మధ్యలో మార్చకండి, దాన్ని పాత రేటుకే ముగించండి. నెలనెలా వచ్చే చిన్న మరమ్మతులకూ లాభం లెక్క తేలదు కనుక, వాటికి నెలవారీ రుసుమో గంటల రేటో మంచిది. క్లయింటుకు చూపకపోయినా మీ గంటలను మీరు రాసుకుంటూనే ఉండండి. 30,000ను పట్టిన గంటలతో భాగిస్తే 500 కన్నా తక్కువ వచ్చిందంటే, అంటే పని 60 గంటలు దాటిందంటే, హద్దు ఎక్కడ జారిందో ఆ పుస్తకంలోనే కనిపిస్తుంది. తరువాతి క్లయింటుకు ఇచ్చే కాగితంలో ఆ అంశాన్ని చేర్చండి.