జర్మనీలో నర్సు ఉద్యోగ ప్రతిపాదన నిజమైనదో కాదో ఎలా అంచనా వేయాలి?

జీతం కంటే ముందు, ఒప్పందంలో మీ హోదా నర్సు అని రాశారా, సహాయకురాలు అని రాశారా చూడండి. జర్మనీలో విదేశీ నర్సింగ్ అర్హతకు గుర్తింపును ఆయా రాష్ట్రాల అధికార సంస్థలు ఇస్తాయి. అవి మీ సిలబస్‌ను, పని అనుభవాన్ని పోల్చి, లోటు ఉంటే దాన్ని వివరిస్తూ ఒక నోటీసు పంపుతాయి. ఆ లోటును భర్తీ చేయడానికి అనుసరణ శిక్షణ గానీ, మౌఖిక, ప్రాక్టికల్ భాగాలున్న జ్ఞాన పరీక్ష గానీ మీరే ఎంచుకోవచ్చు. అది పూర్తయ్యే వరకు మీరు సాధారణంగా సహాయకురాలి జీతానికే పనిచేస్తారు. కాబట్టి గుర్తింపుకు ముందు ఎంత, తర్వాత ఎంత అనే రెండు అంకెలూ ఒప్పందంలో విడివిడిగా ఉండాలి.

పూర్తి గుర్తింపుకు సాధారణంగా B2 స్థాయి జర్మన్ కావాలి. భాషను మొదటి నుంచి నేర్చుకునేవారికి దానికే ఏడాది దాటవచ్చు. పత్రాల పరిశీలన, వీసా, పరీక్ష కలిపితే దాదాపు రెండేళ్లు అనుకోవడం వాస్తవికం. ఆరు నెలల్లో పూర్తి నర్సుగా చేరవచ్చనే ఏజెంటును నేనైతే నమ్మను.

నిజంగా అవసరమున్న ఆసుపత్రి ఏ వార్డులో ఖాళీ ఉందో చెబుతుంది, స్వయంగా ఇంటర్వ్యూ చేస్తుంది, పరీక్షకు ఎవరు శిక్షణ ఇస్తారో రాతపూర్వకంగా ఇస్తుంది. ‘ఫెయిర్ అన్వెర్బుంగ్ ఫ్లేగే డాయిచ్‌లాండ్’ అనే ప్రభుత్వ నాణ్యతా ముద్ర ఉన్న సంస్థలు నియామక ఖర్చును నర్సుపై వేయకూడదు. మిమ్మల్ని రుసుము అడిగితే అక్కడే ఆగండి.