సెమినార్ పేపర్ పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

పేపర్ చదివాను. భాష బాగుంది. కానీ “ఆన్‌లైన్ వేధింపులను మహిళా జర్నలిస్టు మనోధైర్యంతో ఎదుర్కోవాలి” అన్న వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. “పట్టించుకోకమ్మా, బ్లాక్ చేసెయ్” అని మా ఎడిటర్ ఒకాయన అనేవాడు. క్లిక్కుల కోసం రెచ్చగొట్టే హెడ్డింగు పెట్టి, పక్కన వార్త రాసిన పిల్ల ఫొటో వేయించేదీ ఆయనే. వార్త పత్రికదట, బూతులు మాత్రం ఆమె సొంత విషయమట!

నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన ‘బుల్లీ బాయి’ దగ్గర ఆగాల్సింది. 2022 జనవరి 1న, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో ఆ పేరుతో యాప్ పెట్టి ముస్లిం మహిళల ఫొటోలు ‘వేలానికి’ పెట్టారు. అందులో తన ఫొటో చూసిన జర్నలిస్టు ఇస్మత్ ఆరా స్క్రీన్‌షాట్ బయటపెట్టి, ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేశారు. గిట్‌హబ్ వెంటనే ఆ ఖాతాను బ్లాక్ చేసింది. వారం తిరక్కుండానే అరెస్టులు మొదలయ్యాయి. అంతకు ఆరు నెలల ముందు ఇలాగే వచ్చిన ‘సల్లీ డీల్స్’ కేసులో మాత్రం ఈ గొడవ అయ్యేదాకా ఎవరినీ పట్టుకోలేదు.

వేధించే పేజీ తీసేస్తే బాధితురాలికి ఊరట, కానీ సాక్ష్యమూ దానితోనే పోతుంది. అందుకే ముందు భద్రపరచాలి. పూర్తి లింకు, ఖాతా పేరు, తేదీ, సమయం కనపడేలా, కత్తిరించకుండా స్క్రీన్‌షాట్ తీయాలి. పైకి కనపడే పేరు రాత్రికి రాత్రి మార్చేస్తారు కాబట్టి ప్రొఫైల్ లింకు కూడా రాసిపెట్టాలి. కోర్టులో ఇవి నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి. రేపు దాని మీద సంతకం పెట్టగలిగే మనిషే ఆఫీసు కంప్యూటర్‌లో స్క్రీన్‌షాట్లు తీయడం మేలు.

ఆ మనిషి బాధితురాలు కాకూడదు. ఇదే నా పట్టు. మా రోజుల్లో బూతులు ఇన్‌లాండ్ లెటర్లలో వచ్చేవి. మా డెస్కులో ఒక పెద్దావిడ నా ఉత్తరాలు ముందు తను చదివి, బెదిరింపులున్న వాటికి తారీఖు వేసి ఫైల్లో పెట్టేది. నాకు అవసరమైనంతే చెప్పేది. ఇప్పుడు కూడా రిపోర్టర్‌కి తెలియాల్సింది చంపుతామన్నారా, ఇంటి అడ్రస్ బయటపడిందా అన్నవే.

తీసేయించడం కూడా ఆఫీసు పనే. 2021 ఐటీ నిబంధనల్లో నగ్న, మార్ఫింగ్ చిత్రాల మీద బాధితురాలి తరఫున ఇంకొకరు ఫిర్యాదు చేయవచ్చని ఉంది. కంపెనీకి మొదట 24 గంటల గడువు పెట్టారు, 2026 ఫిబ్రవరిలో దాన్ని రెండు గంటలకు తగ్గించారు. ఉత్త తిట్లకు ఆ గడువు వర్తించదు, అది కూడా రాయి.

అడ్రస్ బయటపడిన రాత్రి ఆమెకు కారు, హోటల్ గది కావాలి. ఆ డబ్బు అడ్వాన్సుగా ఇచ్చే అధికారం నైట్ షిఫ్ట్ ఇన్‌చార్జికి ముందే రాసివ్వాలి. అర్ధరాత్రి అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తరు.